అడ్డగీతకు అటూ ఇటూ

2004 ప్రాంతంలో వెబ్ పేజీలు తయారుచేసిన వాళ్లను అడగండి, ఒక పెట్టెకు గుండ్రటి మూలలు పెట్టడం ఎంత పనో చెబుతారు. ఫోటోషాప్‌లో పెట్టె గీసి, నాలుగు మూలలను నాలుగు చిన్న జిఫ్ బొమ్మలుగా కత్తిరించేవారు. తొమ్మిది గళ్ల టేబుల్ కట్టి, మూల గళ్లలో ఆ బొమ్మలు అతికించి, నడిమి గడిలో అసలు విషయం పెట్టేవారు. పెట్టె రంగు మార్చమంటే నాలుగు బొమ్మలూ మళ్లీ కత్తిరించాలి. వెనకున్న పేజీ రంగు మారినా అంతే.

అప్పటికే మాకింటాష్ ఇరవై ఏళ్లుగా గుండ్రటి మూలల పెట్టెలను తానే గీస్తోంది. ఆపిల్‌లో బిల్ అట్కిన్సన్ 1981లో ఆ కోడ్ రాశాడు. అది క్విక్‌డ్రాలో భాగమై, 1984లో మాకింటాష్‌తో పాటు జనం చేతికి వచ్చింది. తెరకు చేతనైన పని వెబ్ పేజీకి ఎందుకు చేతకాలేదంటే, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ ప్రమాణంలో అప్పటికి అందుకు మాటే లేదు.

ఆ మాట, అంటే `border-radius`, 2002 నాటి సీఎస్ఎస్3 ముసాయిదాలో కనిపిస్తుంది. ముసాయిదా ప్రమాణంగా స్థిరపడేదాకా బ్రౌజర్లు ఆగలేదు. ఫైర్‌ఫాక్స్ `-moz-` అనీ, సఫారీ `-webkit-` అనీ ముందు తమ గుర్తు తగిలించి ఎవరి పద్ధతిలో వాళ్లు అమలు చేశాయి. చిక్కు అక్కడే మొదలైంది. రెండు అంకెలు, 40 పిక్సెళ్లు, 10 పిక్సెళ్లు అని రాస్తే, ఫైర్‌ఫాక్స్ వాటిని ఎదురెదురు మూలలకు పంచేది: ఒక జతకు 40, రెండో జతకు 10. సఫారీ మాత్రం ప్రతి మూలకూ అడ్డంగా 40, నిలువుగా 10 అని అర్థం చేసుకునేది. ఒకే వరుస, రెండు వేరు వేరు బొమ్మలు.

నిజానికి రెండు అర్థాలూ కావలసినవే. అందుకే ప్రమాణం రాసినవాళ్లు మధ్యలో ఒక అడ్డగీత పెట్టారు. గీతకు ముందు రాసినవి అడ్డం కొలతలు, తర్వాత రాసినవి నిలువు కొలతలు. గీత లేకపోతే రెండూ ఒకటే. 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 వచ్చేసరికి పెద్ద బ్రౌజర్లన్నీ ఏ గుర్తూ లేని `border-radius`ను ఒకే తీరుగా చదవసాగాయి.

పేరులో వ్యాసార్థం ఉన్నా, ఈ లక్షణం గీసేది వృత్తపు ముక్కను కాదు. ప్రతి మూలలో అది దీర్ఘవృత్తంలో నాలుగో వంతును గీస్తుంది. అడ్డం, నిలువు కొలతలు సమానమైనప్పుడు మాత్రమే అది వృత్తపు ముక్క అవుతుంది. ప్రొఫైల్ ఫొటోకు `50%` ఇస్తే గుండ్రంగా రావడానికి కారణం ఆ ఫొటో చతురస్రం కావడమే. శాతం అడ్డంలో వెడల్పుకు, నిలువులో ఎత్తుకు వర్తిస్తుంది. 120 వెడల్పు, 160 ఎత్తు ఉన్న ఫొటోకు అదే `50%` ఇస్తే అడ్డం 60, నిలువు 80 అయి ముఖం కోలగా కనిపిస్తుంది. చాలామంది అంకె మార్చి చూస్తారు, అంకెలో తప్పేమీ లేదు. ముందు ఫొటోకు సమానమైన వెడల్పు, ఎత్తు ఇచ్చి, లోపలి బొమ్మ సాగిపోకుండా `object-fit: cover` పెట్టాలి.

క్యాప్సూల్ ఆకారపు బటన్‌కు `50%` పనికిరాకపోవడానికీ ఇదే కారణం. 200 వెడల్పు, 50 ఎత్తు బటన్‌కు అది అడ్డం 100, నిలువు 25 ఇస్తుంది. అంటే బటన్ మొత్తం ఒక దీర్ఘవృత్తం అవుతుంది. మనకు కావలసింది పైనా కిందా తిన్నటి అంచులు, రెండు చివర్లా అర్ధవృత్తాలు. అందుకని అందరూ `999px` అని రాస్తారు. 50 పిక్సెళ్ల ఎత్తులో 999 ఎలా పడుతుంది? పట్టదు. అప్పుడు ఏం చేయాలో ప్రమాణంలో ఒక నియమం ఉంది, ఈ లక్షణంలో అన్నిటికన్నా తెలుసుకోదగ్గది అదే.

బ్రౌజర్ నాలుగు వైపులనూ తీసుకుని, ఒక్కో వైపు పొడవును ఆ వైపు రెండు చివరలా ఉన్న వ్యాసార్థాల మొత్తంతో భాగిస్తుంది. వచ్చిన నాలుగు ఫలితాల్లో అతి చిన్నది ఒకటి కన్నా తక్కువైతే, మూలలన్నిటి కొలతలనూ దానితో గుణిస్తుంది. మన బటన్‌కు ఎడమవైపు పొడవు 50, మొత్తం 1998. భాగిస్తే సుమారు 0.025. దానితో 999ని గుణిస్తే 25. సరిగ్గా ఎత్తులో సగం. బటన్ ఎత్తు ఎంతైనా, అడ్డం అంతకన్నా తక్కువ కాకపోతే, చివరలు అర్ధవృత్తాలుగానే వస్తాయి.

ఈ నియమం అన్ని మూలలనూ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుందని గుర్తుంచుకోకపోతే దెబ్బ తగులుతుంది. చాట్ సందేశపు బుడగ ఒకటి ఊహించండి. మూడు మూలలు పూర్తిగా గుండ్రంగా, కింది కుడి మూల కొంచెమే వంగి ఉండాలి:

```css
border-radius: 999px 999px 4px 999px;
```

అదే 200, 50 కొలతల పెట్టెలో మూడు మూలలు 25కి దిగుతాయి, బాగానే ఉంటుంది. కానీ నాలుగో మూల కూడా అదే 0.025తో తగ్గి పిక్సెల్‌లో పదో వంతు అవుతుంది. తెరమీద అది పదునైన మూల. డెవలపర్ టూల్స్‌లో చూస్తే `4px` అనే ఉంటుంది. ఈ తగ్గింపు గీసేటప్పుడు జరిగేది కనుక అక్కడ కనబడదు. చిన్న మూల పక్కన పెద్ద అంకె రాసి, చిన్న మూల వంపు మాయమైతే అనుమానించవలసింది దీన్నే. పరిష్కారం సులభం: ఎత్తు తెలిస్తే 999 బదులు `25px` రాయాలి. అప్పుడు ఏ మొత్తమూ వైపు పొడవును దాటదు, 4 నాలుగుగానే మిగులుతుంది.

ఇక డిజైనర్లు బ్లాబ్ అని పిలిచే వంకరటింకర ఆకారం. దానికి అడ్డగీత తప్పనిసరి:

```css
border-radius: 60% 40% 30% 70% / 60% 30% 70% 40%;
```

వరుస పై ఎడమ మూలతో మొదలై గడియారపు ముల్లు తిరిగే దిక్కులో సాగుతుంది. ఈ ఎనిమిది అంకెలు గుడ్డిగా వేసినవి కావు. పైవైపు 60, 40 కలిపితే వంద. కిందివైపు 30, 70. ఎడమవైపు నిలువు కొలతలు 60, 40. కుడివైపు 30, 70. ప్రతి వైపూ సరిగ్గా వంద కాబట్టి ఎక్కడా తిన్నటి అంచు మిగలదు, ఒక వంపు ఆగిన చోటే ఇంకొకటి మొదలవుతుంది. 300 వెడల్పు, 200 ఎత్తు పెట్టె తీసుకుంటే, ఆకారం పై అంచును ఎడమనుంచి 180 పిక్సెళ్ల దగ్గర తాకుతుంది, కింది అంచును 210 దగ్గర. కుడి అంచును పైనుంచి 60 దగ్గర, ఎడమ అంచును 120 దగ్గర తాకుతుంది. వంపులు కలిసే చోట రెండూ అంచుకు స్పర్శరేఖలుగా ఉంటాయి గనుక కంటికి అతుకు కనబడదు. అంటే ఎనిమిది అంకెల్లో మనం నిజంగా ఎంచుకునేది నాలుగు స్పర్శ బిందువులనే. తక్కిన నాలుగూ వందలోంచి తీసేస్తే వచ్చేవి. నన్నడిగితే బ్లాబ్‌ను అంకెలుగా కాక ఈ నాలుగు చుక్కలుగా ఆలోచించడమే మంచి పద్ధతి.

ఈ ఆకారం ఎంత మార్చినా ఎప్పుడూ బయటికే ఉబ్బుతుంది, లోపలికి నొక్కుకుపోదు. పైగా పెట్టె నాలుగు వైపులనూ తాకి తీరుతుంది. చిక్కుడుగింజలాంటి నొక్కు కావాలంటే ఇంతకాలం ఎస్వీజీ బొమ్మో `clip-path` లక్షణమో వాడక తప్పలేదు. 2025లో క్రోమ్ 139తో వచ్చిన `corner-shape` మూల వంపు ఆకారాన్నే మార్చనిస్తుంది. దానికి `scoop` అని ఇస్తే మూల లోపలికి తొలిచినట్టు అవుతుంది. మూల ఎంత పెద్దదో చెప్పే కొలతలు మాత్రం అక్కడా `border-radius`వే. ఆ లక్షణం తెలియని బ్రౌజర్ దాన్ని పక్కనపెట్టి, మామూలు దీర్ఘవృత్తపు వంపునే గీస్తుంది.