నియామక పత్రంలో ‘సీజను’ : అస్పష్టమైన కాలపరిమితికి న్యాయవ్యాఖ్యానం

ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లోని ఐస్ ఫ్యాక్టరీలు, చేపల ప్యాకింగ్ షెడ్లు, రైసు మిల్లులు వంటి చోట్ల ‘సీజను పని’ అన్న మాట నిత్యవ్యవహారంలో వినిపిస్తుంది. అదే మాట నియామక పత్రంలోకి ఎక్కినప్పుడు దాని అర్థమేమిటి? పనివాడిని మానిపించిన నాడు ఆ అస్పష్టత ఎవరికి నష్టం కలిగిస్తుంది? ఈ వ్యాసం పరిశీలించే అంశం ఇదే.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 లోని 6వ సెక్షన్ ప్రకారం, కోడ్ పరిధిలోని యజమాని ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. అప్పటికే పనిలో ఉండి పత్రం లేనివారికి మూడు నెలల్లోగా ఇవ్వాలి. ఉద్యోగి వివరాలు, చేరిన తేదీ, హోదా, నైపుణ్య శ్రేణి, వేతనం, పని స్వభావం అందులో ఉండవలసిన ప్రధానాంశాలు. ఉద్యోగం కొంతకాలానికే పరిమితమైతే ఆ కాలాన్ని కూడా రాయాలి. ఎందుకంటే పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 దృష్టిలో నిర్ణీత కాల ఉద్యోగమంటే లిఖిత ఒప్పందం మీద, నిర్ణీత వ్యవధికి జరిగిన నియామకమే. ఆ వ్యవధి ముగిసినందువల్ల ఉద్యోగం పోతే అది రిట్రెంచ్‌మెంటు కాదు. ఈ మినహాయింపు యజమానికి మేలు చేసేది; దానిని కోరేవాడే దాని ఆధారాన్ని చూపాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. భీమడోలులో పాతికమంది పనిచేసే ఒక ఐస్ ఫ్యాక్టరీ నెలకు 18,000 రూపాయల జీతంతో జూన్ 1న ఒక మెషీన్ ఆపరేటరును నియమించింది. పత్రంలో “సీజను అవసరం ఉన్నంత వరకు” అని మాత్రమే ఉంది. మరుసటి మార్చి 31న “సీజను అయిపోయింది, రేపటినుంచి రానక్కరలేదు” అని నోటిమాటగా చెప్పారు. అప్పటికి అతడు 262 రోజులు పనిచేశాడు. వారం తిరగకముందే అదే యంత్రం మీద మరొకరు చేరారు.

ఇక్కడ సీజను ఏది? కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేప ఏడాది పొడవునా బయటికి వెళుతుంది. ఐస్ అవసరం తగ్గుతుందే గాని ఆగదు. పత్రంలో ఆరంభ, ముగింపు తేదీలు గాని, ముగింపును తెలిపే సంఘటన గాని లేవు. పత్రాన్ని రాసింది యజమాని. బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ కె. మోహన్‌దాస్ (2009) తీర్పులో, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం షరతులను పరిశీలిస్తూ, ఒక పక్షం రాసిన మాటలు స్పష్టంగా లేనప్పుడు ఆ పక్షానికి ప్రతికూలమైన అర్థాన్నే ఎంచుకోవడం మేలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు అన్వయించింది.

కాలపరిమితికి మరింత దగ్గరి తీర్పు ఎస్.ఎం. నీలాజ్‌కర్ వర్సెస్ టెలికాం డిస్ట్రిక్ట్ మేనేజర్, కర్ణాటక (2003). టెలికాం విస్తరణ పనుల్లోని కూలీలను తొలగించినప్పుడు, పథకం తాత్కాలికమైనదన్న వాదన ఒక్కటే సరిపోదని న్యాయస్థానం చెప్పింది. పథకంతోపాటే ఉద్యోగమూ ముగుస్తుందని ఒప్పందంలో ఉండాలి. ఆ సంగతి చేరేనాడే కార్మికుడికి తెలియజేసి ఉండాలి. తొలగింపు కూడా పథకం ముగింపుతో కలిసి రావాలి. ఆ రుజువు లేకపోవడంతో మినహాయింపు వర్తించలేదు. మన ఆపరేటరు విషయంలో అతడి స్థానంలో కొత్తవాడు చేరడమే పని ముగియలేదనడానికి బలమైన సూచన.

మినహాయింపు వర్తించకపోతే లెక్క ఇలా ఉంటుంది. పన్నెండు నెలల్లో 240 రోజులు దాటాయి కనుక అది ఏడాది నిరంతర సేవ కిందికి వస్తుంది. నెల నోటీసు లేనందున ఒక నెల జీతం 18,000; పదిహేను రోజుల సగటు వేతనం 9,000; మొత్తం 27,000 రూపాయలు. ఇవి చెల్లించకుండా చేసిన తొలగింపు చెల్లదు. అయినా పునర్నియామకం దానంతటదే రాదు. రోజుకూలీల వ్యవహారాల్లో న్యాయస్థానాలు తరచు దానికి బదులు ఏకమొత్తం పరిహారాన్ని ఎంచుకుంటున్నాయి, బి.ఎస్.ఎన్.ఎల్. వర్సెస్ భూరుమల్ (2014) ఇందుకు ఉదాహరణ.

అస్పష్టత యజమానికి ప్రతికూలమన్నంత మాత్రాన అన్నీ కార్మికుడి పక్షానే తేలవు. 240 రోజులు పనిచేశానని తొలుత చూపవలసినవాడు అతడే. ఆర్.ఎం. యెల్లట్టి (2006) తీర్పు ప్రకారం అతడు సాక్ష్యమిచ్చి, మస్టరు రోలును తెప్పించమని కోరవచ్చు. నియామక పత్రం లేనివాడికి ఇక్కడే ఎక్కువ చిక్కు. బ్యాంకు జమలు, భవిష్యనిధి ఖాతా, వాట్సాప్‌లో వచ్చిన షిఫ్టు ఆదేశాలు అప్పుడు పనికొస్తాయి.

సీజను నిజంగా స్పష్టమైనదైతే ఫలితం మారుతుంది. చక్కెర మిల్లులో చెరకు క్రషింగ్‌కు మొదలూ తుదీ అందరికీ తెలిసినవే. మొరిండా సహకార చక్కెర మిల్లుల కేసు (1995)లో క్రషింగ్ ముగిశాక పని ఆపడం రిట్రెంచ్‌మెంటు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ కార్మికుల పేర్లతో రిజిస్టరు ఉంచి, మరుసటి సీజనులో వారిని తిరిగి తీసుకోవాలని కూడా ఆదేశించింది. ఐస్ ఫ్యాక్టరీ యజమానికి అలాంటి రక్షణ కావాలంటే “జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు” అని పత్రంలో రాసి, నవంబరు 30 తరువాత అదే మనిషిని అదే పనిలో కొనసాగించకుండా ఉండాలి.