నెట్ పోతోందా? ఫిర్యాదు ఇలా రాయండి

‘నెట్ మాటిమాటికీ పోతోంది’ అని మెయిల్ పెడితే ‘రౌటర్ ఆపి మళ్లీ వేయండి’ అనే జవాబే వస్తుంది. లోపం లైన్‌లోనే ఉందని చూపిస్తే ఆ మాట అనే వీలుండదు.

ఫైబర్ కనెక్షన్ అయితే ముందుగా డబ్బా మీది లైట్లు చూడండి. PON పచ్చగా నిలకడగా వెలిగితే లైన్ బాగున్నట్టు. LOS ఎర్రగా మెరుస్తుంటే డబ్బాకు కాంతి సిగ్నల్ అందట్లేదన్నమాట. తీగ వంగడం, తెగడం, కనెక్టర్‌కు దుమ్ము పట్టడం దీనికి మామూలు కారణాలు. నెట్ పోయిన క్షణంలోనే ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత లైటు మామూలైపోతుంది.

LOS వెలగకుండానే నెట్ పోతుంటే కంప్యూటర్‌ను కేబుల్‌తో కలిపి ఈ రెండూ ప్రయత్నించండి. మొదటిది రౌటర్ చిరునామా, మీది వేరే ఉండొచ్చు.

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిదానికి జవాబొచ్చి రెండోదానికి రాకపోతే తప్పు మీ వైఫైది కాదు.

ఇక మెయిల్ ఇలా ఉండాలి:

“అయ్యా, జనవరి 12 రాత్రి 9:10–9:25, జనవరి 14 ఉదయం 7:40–8:05 మధ్య నెట్ ఆగింది. రెండుసార్లూ LOS ఎర్రగా మెరిసింది, ఫొటోలు జతచేశాను. కరెంటు ఉంది. డబ్బా ఆపి వేశాను, కేబుల్‌తోనూ చూశాను, ఫలితం లేదు. లైన్‌మ్యాన్‌ను పంపి సిగ్నల్ కొలిపించండి.”

కస్టమర్ నంబరు రాయడం మరవకండి. ఫిర్యాదుకు డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ సంస్థ అప్పీలు అధికారికి వెళ్లడానికి అదే ఆధారం.