కెమెరా కొనేముందు రెండు పుస్తకాలు

ఫోన్‌తో తీసిన ఫోటోలు తృప్తినివ్వడం మానేసిన రోజున చాలామంది చూపు కెమెరా దుకాణం వైపు మళ్లుతుంది. బాడీ, లెన్సు కలిపి అరలక్ష చుట్టుపక్కల మొదలయ్యే ఖర్చది. అంత డబ్బు పెట్టేముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఫోటో బాగా రాకపోవడానికి కారణం ఫోనా, వెలుతురా, మనం నిలబడిన చోటా? మొదటిదైతే కెమెరా కావాలి. మిగిలిన రెండూ అయితే కొత్త కెమెరాలోనూ అవే ఫోటోలు ఇంకాస్త స్పష్టంగా వస్తాయి. ఈ తేడా తెలుసుకోవడానికి రెండు పుస్తకాలు బాగా పనికొస్తాయి. రెండూ ఇంగ్లీషువే అయినా, బొమ్మలు చూస్తూ వాటి కింది వ్యాఖ్యలు చదివితే సగం విషయం అందుతుంది.

మొదటిది 'లైట్: సైన్స్ అండ్ మ్యాజిక్'. ఫిల్ హంటర్, పాల్ ఫుక్వా 1990లో తెచ్చిన ఈ పుస్తకానికి తర్వాత స్టీవెన్ బైవర్ కూడా తోడయ్యారు. చాలాసార్లు కొత్త కూర్పులు వచ్చాయి. పాత ప్రతి దొరికినా తీసుకోవచ్చు, ఎందుకంటే కెమెరాలు మారాయి గానీ వెలుతురు నడిచే తీరు మారలేదు. ఇందులో స్టూడియో దీపాలు, ఫ్లాష్‌ల మాట ఎక్కువగానే ఉంటుంది. వాటిని చూసి ఇది మనకోసం కాదనుకోకండి. దీపం అని ఉన్నచోట కిటికీ అని చదువుకుంటే సరిపోతుంది.

పుస్తకం మొదట్లోనే పట్టుకోవలసిన విషయం వెలుతురు వచ్చే మూలం పరిమాణం. దీపం ఎన్ని వాట్లన్నది కాదు, ఫోటో తీస్తున్న వస్తువు దగ్గర్నుంచి చూస్తే ఆ దీపం ఎంత పెద్దగా కనబడుతుందన్నది ముఖ్యం. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు ఆకాశంలో చిన్న బిళ్లగానే కనబడతాడు. అందుకే మిట్టమధ్యాహ్నం నీడల అంచులు కోసినట్టుంటాయి. మబ్బు పడితే ఆకాశమంతా వెలుతురు మూలమై, నీడల అంచులు కరిగిపోతాయి. ఫోన్ ఫ్లాష్ గింజంత దీపం, పైగా లెన్సు పక్కనే ఉంటుంది. దాని వెలుతురులో ముఖం చదునుగా, జిడ్డుగా కనబడటానికి కారణం ఇదే.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన అమ్మమ్మను కూర్చోబెట్టి, కిటికీ ఆమెకు ఒక పక్కన ఉండేలా చూడండి. మూరెడు దూరంలో కూర్చున్నప్పుడు ముక్కు నీడ అంచును గమనించండి, వెలుగులోంచి నీడలోకి మెల్లగా జారుతూ ఉంటుంది. అదే కుర్చీని గది అవతలి గోడ దగ్గరికి జరిపితే, గదిలో వేరే దీపం లేనప్పుడు, నీడ అంచు గట్టిపడుతుంది. కిటికీ మారలేదు, ఆమె కళ్లకు అది చిన్నదైంది. కిటికీలోంచి ఎండ సూటిగా పడుతుంటే తెల్లటి పల్చటి పంచె అడ్డంగా కట్టండి. అప్పుడు సూర్యుడి బదులు పంచె మొత్తం దీపంగా మారుతుంది.

ఈ పుస్తకంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది మూడో అధ్యాయం. వస్తువు మీద పడిన వెలుతురు రకరకాలుగా తిరిగి వస్తుందని అది చెబుతుంది. గోడ, కాగితం, నూలుబట్ట లాంటివి వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. లోహం, గాజు, తడి ఆకు లాంటివి అద్దంలా ఒకే దిక్కుకు తిప్పికొడతాయి. ఆ దిక్కులో లెన్సు ఉంటే మెరుపు కనబడుతుంది, లేకపోతే నల్లగా కనబడుతుంది. మెరుపు కనబడటానికి దీపం ఏయే కోణాల్లో ఉండాలో ఆ కోణాలన్నిటినీ కలిపి రచయితలు ఒక కుటుంబంగా లెక్కపెడతారు. చదివేటప్పుడు ఇది లెక్కల పాఠంలా అనిపించినా, ఒక ఇత్తడి చెంబు ముందు పెట్టుకుంటే కళ్లకు కడుతుంది.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాను ఫోన్‌తో ఫోటోలు తీసి అమ్ముకునే వారి సంగతి చూద్దాం. ట్యూబ్‌లైటు కింద చెంబును బల్లమీద పెట్టి తీస్తారు. ఫోటోలో ఇత్తడి రంగు అక్కడక్కడే కనబడుతుంది. పైన ఒక తెల్లటి గీత, మిగతాదంతా నల్లమచ్చలు, సరిగ్గా మధ్యలో ఫోన్ పట్టుకున్న మనిషి ఆకారం. ఫోన్ నాసిరకమని, మంచి కెమెరా కొనాలని అనిపించేది ఇక్కడే. కానీ చెంబు తన చుట్టూ ఉన్న గదిని చూపిస్తోంది. ఆ తెల్లగీత ట్యూబ్‌లైటు, నల్లమచ్చలు వెలుతురు లేని గోడలు. కెమెరా మారిస్తే అవే మచ్చలు మరింత స్పష్టంగా పడతాయి.

చెంబు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాదాపు గదంతా అందులో ప్రతిఫలిస్తుంది. అందుకే దాని చుట్టూ తెల్లదనం ఉండాలి. కిటికీ వైపు తెల్ల దుప్పటి వేలాడదీసి, ఎదురు పక్కన మరో దుప్పటి, పైన ఇంకొకటి కట్టాలి. ఆ తర్వాత ఫోన్ పెట్టే చోట మీ కన్ను పెట్టి, రెండో కన్ను మూసి చూడండి. చెంబులో ఇంకా నల్లగా కనబడే ప్రతి చోటూ దుప్పటి చేరని దిక్కును చూపిస్తుంది. ఆ దిక్కుకు దుప్పటి జరుపుతూ పోవాలి. ఫోన్ మాత్రం దుప్పట్ల సందులోంచి తొంగిచూడక తప్పదు, కాబట్టి దాని ప్రతిబింబం పూర్తిగా పోదు. వెనక్కి జరిగి 2x లేదా 3xలో తీస్తే అది చిన్న చుక్కంత అవుతుంది, చెంబును కొద్దిగా తిప్పితే ఆ చుక్కను చెక్కిన నగిషీలో దాచేయవచ్చు.

ఇక్కడ మరో చిక్కు వస్తుంది. అన్ని వైపులా తెల్లగా ఉంటే చెంబు గుండ్రదనం పోయి, పసుపుపచ్చ కాగితం కత్తిరించి అతికించినట్టు కనబడుతుంది. రెండు పక్కలా, ఫ్రేములోకి రాకుండా, సన్నటి నల్ల అట్టముక్కలు నిలబెట్టండి. చెంబు అంచుల వెంట నల్లగీత పడి ఆకారం తిరిగి వస్తుంది. ఇక మిగిలింది ఎక్స్‌పోజర్. చెంబు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఐఫోన్‌లో AE/AF LOCK అని కనబడుతుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. ఆ తర్వాత వేలితో వెలుతురు కాస్త తగ్గిస్తే, తెల్లగా పేలిపోయిన చోట్లలో ఇత్తడి రంగు దిగుతుంది. అప్పటికీ రంగు రాకపోతే దుప్పటి మీద వెలుతురు మరీ ఎక్కువగా పడుతోందని అర్థం.

రెండో పుస్తకం మైకేల్ ఫ్రీమన్ 2007లో రాసిన 'ది ఫోటోగ్రాఫర్స్ ఐ'. ఇదే పేరుతో జాన్ జార్కోవ్‌స్కీ పుస్తకం ఒకటుంది. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1964లో జరిగిన ప్రదర్శన ఆధారంగా 1966లో వచ్చిన గొప్ప పుస్తకం, కానీ అందులో ఎక్కువ భాగం ఫోటోలే. పాఠంలా నేర్చుకోవాలంటే రచయిత పేరు చూసి ఫ్రీమన్‌ది కొనండి. ఫ్రేము గురించిన మొదటి అధ్యాయం, వెలుతురూ రంగుల అధ్యాయం ఫోన్‌కు చక్కగా వర్తిస్తాయి. ఫోకస్, లెన్సుల గురించిన పేజీలు తర్వాత చదవొచ్చు.

ఫ్రేమును మూడు భాగాలు చేసి విషయాన్ని గీత మీద పెట్టాలన్న సూత్రం అందరికీ తెలిసిందే. ఫ్రీమన్ అక్కడ ఆగడు. విషయాన్ని మధ్యలోంచి జరపాలంటే అందుకు ఒక కారణం ఉండాలి, అది ఒక వైపు చూస్తోందో, కదులుతోందో, వెనకున్న మరో దానితో ముడిపడి ఉందో చూసుకోవాలి. ఫోన్ తెర మీద మన కన్ను మధ్యలో ముఖానికే అతుక్కుపోతుంది. అందుకే నొక్కేముందు నాలుగు అంచుల వెంట ఒకసారి చూపు తిప్పే అలవాటు ఈ పుస్తకం వల్ల రావాలి. తల వెనక మొలిచిన కరెంటు స్తంభం, మణికట్టు దగ్గర తెగిన చెయ్యి అప్పుడే కనబడతాయి.

నిలబడే చోటు గురించి ఒక లెక్క చెబుతాను. ఫోన్ ప్రధాన లెన్సు వెడల్పుగా చూస్తుంది, కాబట్టి ముఖం ఫ్రేము నిండాలంటే మనం దగ్గరికి వెళ్తాం. ముక్కు కొన 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానికి 12 సెంటీమీటర్లు వెనకున్న చెవి 52 దగ్గర ఉంటుంది. చెవితో పోలిస్తే ముక్కు 30 శాతం పెద్దగా పడుతుంది. మీటరున్నర దూరం జరిగితే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. ముఖం ఉబ్బినట్టు రావడానికి ఆ దూరమే కారణం. వెనక్కి జరిగి 2x నొక్కితే సరి. అయితే ఫోన్లో 3xకి వేరే లెన్సు ఉన్నా, చీకట్లో కొన్ని ఫోన్లు దాన్ని పక్కనపెట్టి ప్రధాన లెన్సు బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. 3xలో ఉండగా ప్రధాన లెన్సు మీద వేలు పెట్టండి, తెర చీకటైతే జరుగుతున్నది అదే.

బ్రయన్ పీటర్సన్ 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' కూడా మంచి పుస్తకమే, కొత్తవారికి చాలామంది మొదట చెప్పేది అదే. కానీ అందులో పెద్ద భాగం లెన్సు రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేయడం చుట్టూ తిరుగుతుంది. చాలా ఫోన్లలో ఆ రంధ్రం మారదు. చదివినది చేసి చూసుకోలేనప్పుడు ఆ పుస్తకం కెమెరా కొనమని తొందరపెడుతుంది. దాన్ని తర్వాతికి ఉంచండి.

ఈ రెండు పుస్తకాలతో కొన్ని వారాలు గడిపాక గ్యాలరీ తెరిచి, నచ్చని ఫోటోలు మాత్రమే వేరు చేయండి. వెలుతురు వల్ల చెడినవి ఒక గుంపు, చోటు వల్ల చెడినవి ఒక గుంపు. ఈ రెండింటిలోనూ పడనివి మిగులుతాయి. సాయంత్రం హాల్లో పరుగెత్తే పాప, స్టేజీ మీద కూచిపూడి, చెరువు అవతలి కొంగ లాంటివి. వాటి వివరాలు తెరిచి షట్టర్ వేగం చూడండి. పాప ఫోటోలో 1/30 అని ఉండి చేతులు అలుక్కుపోయాయంటే అక్కడ ఏ కోణమూ సాయం చేయదు, 1/250 దాకా వేగం కావాలి.

మూడో గుంపు పెద్దదైతే కెమెరా కొనడం సబబే, కానీ దానితో ఏ లెన్సు వస్తుందో చూసుకోవాలి. పెట్టెలో ఇచ్చే జూమ్ లెన్సును 50 మిల్లీమీటర్ల దగ్గర పెడితే సాధారణంగా f/5.6 దగ్గర ఆగుతుంది. హాల్లో పాప విషయంలో అది మంచి ఫోన్ మీద పెద్ద మెరుగుదల ఇవ్వదు. అదే 50 మిల్లీమీటర్ల f/1.8 లెన్సు దానికన్నా దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది, 1/30 బదులు 1/300 వేగంతో తీయనిస్తుంది. కొంగకు మాత్రం ఇదీ చాలదు, పొడుగు టెలిఫోటో లెన్సు కావాలి, దాని ఖర్చు కెమెరా బాడీనే మించవచ్చు. కాబట్టి మూడో గుంపులో పాప ఎక్కువా, కొంగ ఎక్కువా అన్నది లెక్కపెట్టుకున్నాకే దుకాణానికి వెళ్లండి.