మరక పడ్డ చీర ఖరీదెంత?

మార్చి 31న బట్టల కొట్టులో సరుకు లెక్కించేటప్పుడు ప్రతి రకానికీ రెండు ధరలు చూడాలి: కొన్న ధర ఒకటి, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది ఇంకొకటి. ఏది తక్కువైతే అదే పుస్తకంలోకి ఎక్కుతుంది. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది ఇదే.

2,000 రూపాయల చొప్పున కొన్న 40 చీరలు వానకు తడిసి మరకలు పడ్డాయనుకోండి. ఇప్పుడు 1,500కే పోతాయి. అందులో పాలిష్‌కు 100, దళారికి 50 పోతే మిగిలేది 1,350. చీరకు 650 చొప్పున మొత్తం 26,000 నష్టం ఈ ఏడాదే చూపాలి. పక్క బీరువాలో 5,000కి కొన్న పట్టుచీరలు 7,000 పలుకుతున్నాయి కదా, దాంతో సరిపెడదామంటే కుదరదు. అమ్మకముందే లాభం రాసుకోకూడదు కాబట్టి అవి 5,000 దగ్గరే ఉంటాయి.

కదలని సరుకుతోనే అసలు చిక్కు. రెండేళ్లుగా అరలో ఉన్నంత మాత్రాన విలువ తగ్గించనక్కర్లేదు. ఖర్చులు పోయినా కొన్న ధర గిట్టుబాటైతే ఆ ధరే. అలాగని యజమాని ఆశ సాక్ష్యం కాదు. ఏప్రిల్, మే నెలల బిల్లులు తీసి, ఆ డిజైన్ నిజంగా ఎంతకు పోయిందో చూడండి. పాతవాటన్నిటికీ 20 శాతం కోత అని గుడ్డిగా వేసేకంటే ఆ బిల్లులే గట్టి ఆధారం.