“రైస్ తగ్గించాలి” అనేది గోల్ కాదు: కొలవగలిగే ఆహార లక్ష్యం ఎలా రాయాలి?

ఎపిసోడ్‌లో షుగర్, నైట్ షిఫ్టుల గురించి మాట్లాడుకున్నాం కదా, దాంట్లో పైపైన చెప్పి వదిలేసిన ఒక విషయాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఆహార ప్లాన్‌లో లక్ష్యం ఎలా రాయాలి, అది నెరవేరుతోందో లేదో దేన్ని చూసి తెలుసుకోవాలి అనేదే ఆ విషయం. నేను ఒంటారియోలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే మన వాళ్ళలో చాలామంది జేబులో ఒక కాగితం ఉంటుంది. దాని మీద “రైస్ తగ్గించాలి, స్వీట్లు మానాలి, వాకింగ్ చేయాలి” అని ఉంటుంది. మూడు నెలల తర్వాత “పాటించారా?” అని అడిగితే “ఆఁ, చాలావరకు” అంటారు. చాలావరకు అంటే ఎంత? ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎవరినీ గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి మార్చి రాశాను. బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసే తమ్ముడు, వయసు 38. వారానికి ఐదు షిఫ్టులు. బరువు 78 కిలోలు, ఏ1సీ 7.4. డాక్టర్ మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి, “మూడు నెలల్లో తగ్గకపోతే రెండో మాత్ర కలుపుదాం” అన్నారు. తమ్ముడికి అదే భయం. “అక్కా, మాత్రలు పెరిగితే ఇంక తగ్గవు కదా” అన్నాడు. అలా ఏమీ లేదని చెప్పాను, కానీ తన ప్రయత్నం పనిచేసిందా లేదా అన్నది మూడు నెలల చివర తేలాలి అనే మాట మాత్రం నిజం.

మా వృత్తిలో న్యూట్రిషన్ కేర్ ప్రాసెస్ అని ఒక పద్ధతి ఉంది. ముందు వివరాలు సేకరించాలి, తర్వాత సమస్యను ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యంలో మూడు ముక్కలుంటాయి: సమస్య ఏంటి, కారణం ఏంటి, ఆధారం ఏంటి. తమ్ముడి విషయంలో నేను రాసింది ఇది: “ఒకే పూటలో పిండిపదార్థం మరీ ఎక్కువ తినడం, కారణం, రూమ్‌లో అందరికీ కలిపి వండిన అన్నాన్ని కొలత లేకుండా వడ్డించుకోవడం, ఆధారం, షిఫ్ట్‌కి ముందు భోజనంలో మూడు కప్పుల అన్నం, తిన్న రెండు గంటలకు షుగర్ 13 దగ్గర.” గోల్ తగలాల్సింది మధ్య ముక్కకి, అంటే కారణానికి. ఇక్కడ కారణం తమ్ముడికి డైట్ గురించి తెలియకపోవడం కాదు, గిన్నెలో కొలత లేకపోవడం. అందుకని ఇంకో అరగంట పాఠం చెప్పినా లాభం లేదు. అతనికి కావాల్సింది కొలత కప్పు.

కప్పు అంటే ఏ కప్పు అన్నది ముందు తేల్చుకోవాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, దాంతో కొలిచేది బియ్యం. ఇక్కడ డాలర్ స్టోర్‌లో దొరికే కొలత కప్పు 250 మిల్లీలీటర్లు, మనం దాంతో ఉడికిన అన్నం కొలుస్తున్నాం. ఉడికిన అన్నం ఒక కప్పులో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కుక్కర్ కప్పుతో ఒక కప్పు బియ్యం వండితే ఆ అన్నం రెండు కప్పుల పైనే అవుతుంది. “రోజుకి ఒక్క కప్పే తింటున్నా” అని ఒకరు అంటే ఏ కప్పో అడగకుండా నేను ఏదీ రాసుకోను.

ఇప్పుడు గోల్. మేం కలిసి రాసింది ఇలా ఉంది: “నవంబర్ 3 నుంచి డిసెంబర్ 28 వరకు, షిఫ్ట్ ఉన్న ఐదు రోజుల్లో కనీసం నాలుగు రోజులు, షిఫ్ట్‌కి ముందు భోజనంలో ఉడికిన అన్నం కొలత కప్పుతో ఒకటిన్నర కప్పు, ప్లేట్‌లో సగం కూర లేదా సలాడ్, దాంతోపాటు ఒక కప్పు గట్టి పప్పు గానీ రెండు గుడ్లు గానీ.” ఐదుకి ఐదు అని ఎందుకు రాయలేదంటే, ఒక్కరోజు తప్పగానే “ఈ వారం పోయింది” అని మనవాళ్ళు మొత్తం వదిలేస్తారు. ఇంకో సంగతి, నైట్ షిఫ్ట్ వాళ్ళకి “రోజు” అంటే ఏంటో కూడా రాసుకోవాలి. మేం “నిద్ర లేచిన దగ్గర్నుంచి మళ్ళీ పడుకునే వరకు” అని పెట్టుకున్నాం. లేకపోతే రాత్రి రెండింటికి తిన్నది నిన్నటి లెక్కా, ఇవాళ్టి లెక్కా అన్న గొడవ ఒకటి.

ఉదయం భోజనం కాకుండా సాయంత్రం భోజనమే ఎందుకు? షిఫ్ట్ అయ్యాక ఎనిమిదింటికి తింటే, రెండు గంటల తర్వాత మీటర్ పెట్టుకోవాల్సిన టైమ్‌కి మనిషి గాఢనిద్రలో ఉంటాడు. ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. సాయంత్రం 7:30కి తింటే 9:30కి, డ్యూటీకి బయల్దేరే ముందు, చూసుకోవచ్చు. కొలవడానికి కుదరని గోల్ ఎంత మంచిదైనా కాగితం మీదే ఉండిపోతుంది.

గోల్ రాశాక, దాని పక్కన దేన్ని చూడాలో రాయాలి. ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. అన్నం తగ్గించిన రెండో వారంలో బరువు చూసుకుని “ఏం తగ్గలేదు” అని నీరసపడతారు. ఒంట్లో నీళ్ళు, ఉప్పు వల్లే బరువు కిలో అటూ ఇటూ ఊగుతుంది, రెండు వారాల్లో అది ఏమీ చెప్పదు. ఇంకొందరు నెలకే ఏ1సీ చేయించమంటారు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అందుకని ఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. నెలకే చేయిస్తే పాత అలవాట్ల లెక్క కూడా అందులో కలిసే ఉంటుంది.

కాబట్టి మూడు సూచికలు, మూడు గడువులు పెట్టాం. మొదటిది ఫ్రిజ్ మీద క్యాలెండర్. కొలిచి తిన్న రోజు టిక్, వారం చివర టిక్కుల లెక్క. ఇది పని జరిగిందా లేదా చెబుతుంది. రెండోది మీటర్. స్ట్రిప్‌లు ఊరికే రావు కాబట్టి మంగళవారం, గురువారం మాత్రమే, తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి. డయాబెటిస్ కెనడా మార్గదర్శకాల ప్రకారం చాలామంది పెద్దవాళ్ళకి తినకముందు 4 నుంచి 7, తిన్న రెండు గంటలకు 5 నుంచి 10 మధ్య ఉండాలి. మా లక్ష్యం: చివరి నాలుగు వారాల్లో తిన్న తర్వాత తీసిన ఎనిమిది రీడింగుల్లో కనీసం ఆరు 10 లోపు. మూడోది ఫిబ్రవరి మొదటి వారంలో ఏ1సీ, 7.0 లేదా తక్కువ. బరువుకి మాత్రం ఆరు నెలల గడువు ఇచ్చాం, 5 శాతం, అంటే 74 కిలోల దగ్గరికి.

అన్నట్టు, ఈ అంకెలు ఇంటికి ఫోన్‌లో చెప్పేటప్పుడు జాగ్రత్త. ఇండియా మీటర్ లెక్క వేరు, ఇక్కడి అంకెని 18తో గుణిస్తే అక్కడి అంకె వస్తుంది. ఇక్కడి 10 అంటే అక్కడ 180. తమ్ముడు “తొమ్మిదికి వచ్చిందమ్మా” అంటే వాళ్ళమ్మ ఏ1సీ అనుకుని రాత్రంతా నిద్రపోలేదట.

ఇక ఏం జరిగిందో చూడండి. మొదటి మూడు వారాల టిక్కులు: 2, 2, 3. మీటర్ కూడా 12, 13 దగ్గరే ఉంది. ఈ దశలో ప్లాన్ పనిచేయలేదు అనడానికి లేదు, ఎందుకంటే ప్లాన్ ఇంకా అమలే కాలేదు. టిక్ పడని రోజులు ఏవని చూస్తే, రూమ్‌మేట్స్ వండే రోజులు. అన్నంలో అప్పటికే సాంబారు కలిపేసి పెడుతున్నారు, ఇంక కొలిచేదేముంది? తన అన్నం ముందే తీసి డబ్బాలో పెట్టమని చెప్పుకున్నాడు. నాలుగో వారం నుంచి టిక్కులు 4, 5, 4, 4, 5.

అసలు ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాతే. టిక్కులు బాగున్నాయి, మంగళవారం రీడింగులు 9 చుట్టూ వస్తున్నాయి, గురువారం మాత్రం 11, 12. అదే అన్నం, అదే కొలత. తిన్న తర్వాత ఒక్కటే చూసి ఉంటే అన్నం ఇంకా తగ్గించాలేమో అనుకునేవాళ్ళం. తినకముందు అంకె చూస్తే, మంగళవారం 6.8, గురువారం 9.7. అంటే పెరుగుదల రెండు రోజులూ దాదాపు అంతే, గురువారం మొదలయ్యేదే పై నుంచి. గురువారం సాయంత్రం సరుకులకి వెళ్ళేది. దారిలో లార్జ్ డబుల్ డబుల్ ఒకటి, అందులో చక్కెర. అన్నం గోల్ అలాగే ఉంచి, “గురువారం కాఫీ చక్కెర లేకుండా, పాలు మాత్రమే” అని రెండో గోల్ కలిపాం. తర్వాతి రెండు గురువారాలూ 9.4, 9.8. చివరి ఎనిమిది రీడింగుల్లో ఆరు 10 లోపు వచ్చాయి.

ఫిబ్రవరిలో ఏ1సీ 6.9. బరువు 76.2, ఆరు నెలల గడువులో సగం దూరం. ఈ మూడు నెలల్లో మెట్‌ఫార్మిన్ డోసు మారలేదని కూడా ప్లాన్‌లో రాశాను. మధ్యలో డోసు పెంచి ఉంటే, తగ్గింది అన్నం వల్లా మాత్ర వల్లా చెప్పలేం. అప్పుడు తేదీతో సహా అది రాసుకోవాలి. డాక్టర్ రెండో మాత్ర ప్రస్తుతానికి ఆపారు.

రెండు చోట్ల ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. ఒకటి, ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్ళలో ఇది చాలా మామూలు. మీటర్ బాగుండి ఏ1సీ మాత్రం దిగకపోతే, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూడమని డాక్టర్‌ని అడగండి. రెండోది ఇంకా ముఖ్యం. ఇన్సులిన్ గానీ గ్లిక్లజైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం సగానికి కోయకూడదు, షుగర్ పడిపోతుంది. అలాంటివాళ్ళ ప్లాన్‌లో ఇంకో సూచిక తప్పనిసరి: 4.0 కన్నా తక్కువ వచ్చిన రీడింగులు ఎన్ని. దాని లక్ష్యం సున్నా. ఒక్కటి వచ్చినా గడువు దాకా ఆగకుండా అదే రోజు క్లినిక్‌కి ఫోన్ చేయాలి.

డైటీషియన్ దొరకలేదంటే, ఒంటారియోలో, బీసీలో 811కి ఫోన్ చేసి రిజిస్టర్డ్ డైటీషియన్‌తో మాట్లాడాలని అడగవచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే అందులో డైటీషియన్ విజిట్లు ఉన్నాయేమో చూసుకోండి. వెళ్ళేటప్పుడు రెండు వారాల పాటు ఏం తిన్నారో, ఏ కప్పుతో, ఏ టైమ్‌కి అని రాసుకున్న కాగితం, మీ షిఫ్ట్ షెడ్యూల్ ఫోటో పట్టుకెళ్ళండి. తమ్ముడి తర్వాతి ప్లాన్ మే నెల దాకా రాసి ఉంది. ఈసారి గోల్ షిఫ్ట్ లేని రెండు రోజుల మీద, ఎందుకంటే క్యాలెండర్‌లో ఆ గడులు ఇప్పటిదాకా ఖాళీగానే ఉన్నాయి.