లాభానికి తొందర, నష్టానికి ఓపిక: ట్రేడింగ్ జర్నల్‌లో పట్టుకోవడం ఎలా?

చిన్న లాభం కనబడగానే అమ్మేసి, నష్టంలో ఉన్న షేరును మాత్రం పట్టుకుని కూర్చునే అలవాటును హెర్ష్ షెఫ్రిన్, మైర్ స్టాట్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1985లోనే వివరించారు. 1998లో టెరన్స్ ఓడీన్ దీన్ని లెక్కల్లో చూపించాడు. ఒక అమెరికన్ డిస్కౌంట్ బ్రోకరేజీలోని 10,000 ఖాతాలను ఆయన పరిశీలించాడు. అమ్మకం జరిగిన రోజుల్లో, లాభంలో ఉన్నవాటిలో 14.8 శాతం అమ్ముడుపోతే, నష్టంలో ఉన్నవాటిలో 9.8 శాతమే అమ్ముడయ్యాయి. ఈ అలవాటు మనకుందో లేదో మన జర్నలే చెప్పగలదు. అయితే దాన్ని సరిగ్గా చదవాలి.

ఒక ఊహాత్మక జర్నల్‌ తీసుకుందాం. ట్రేడర్ ప్రణాళిక సులువైనదే. ఉదాహరణకు రూ. 200 దగ్గర 200 షేర్లు కొంటే స్టాప్‌లాస్ రూ. 190, టార్గెట్ రూ. 220. అంటే ప్రతి ట్రేడ్‌లో పోతే రూ. 2,000, వస్తే రూ. 4,000. మొత్తం 40 ట్రేడ్లలో 26 లాభంతో, 14 నష్టంతో ముగిశాయి. వందకు 65 గెలుపులు! కానీ ఖాతా రూ. 9,600 నష్టంలో ఉంది. సగటు లాభం రూ. 1,300, సగటు నష్టం రూ. 3,100 కావడమే కారణం. ఈ సగటులతో అసలు దక్కాలన్నా వందకు 70కి పైగా గెలవాలి.

ఇంతవరకు చూసి అలవాటు ఉందని తేల్చేయకూడదు. తరచుగా చిన్న లాభాలు, అరుదుగా పెద్ద నష్టం వచ్చేలా కావాలనే రూపొందించిన పద్ధతులూ ఉన్నాయి. అందుకే సగటును కాకుండా, ప్రణాళికకూ చేతకూ మధ్య ఉన్న తేడాను కొలవాలి. ఆ ట్రేడర్ తన ప్రణాళికను మార్చకుండా పాటించి ఉంటే ఏమయ్యేదో ఒక్కో ట్రేడ్‌కూ ధరల చార్టు తెరిచి చూడాలి. ఒకే రోజు స్టాప్, టార్గెట్ రెండూ తగిలి, ఏది ముందో తెలియకపోతే స్టాప్ ముందు తగిలినట్టే రాసుకోవాలి. లేకపోతే లెక్క మనకు అనుకూలంగా వంగిపోతుంది.

ట్రేడ్లను విడదీయడంలోనే చాలామంది పొరబడతారు. గెలిచినవి ఒకవైపు, ఓడినవి మరోవైపు పెడతారు. నిజానికి చూడవలసింది, చేతిలో ఉండగా ధర అసలు స్టాప్‌ను దాటిందా లేదా అన్నది. మన జర్నల్‌లో అలా దాటినవి 16. ఓడిన 14తో పాటు, స్టాప్ దాటాక ఎలాగో కోలుకుని చెరో రూ. 300 లాభంతో బయటపడిన రెండు ట్రేడ్లూ ఇందులోకే వస్తాయి. స్టాప్‌ను గౌరవించి ఉంటే ఈ 16లో పోయేది రూ. 32,000. పోయింది రూ. 42,800. నష్టాన్ని సాగదీసినందుకు కట్టిన మూల్యం రూ. 10,800. గెలుపుల పట్టికలో దాక్కున్న ఆ రెండు ట్రేడ్లే ‘ఆగితే తిరిగొస్తుంది’ అనే నమ్మకాన్ని పెంచుతాయి.

మిగతా 24 ట్రేడ్లను మధ్యలోనే అమ్మగా వచ్చింది రూ. 33,200. ప్రణాళిక ప్రకారం వదిలి ఉంటే 16 టార్గెట్ తాకేవి, 8 వెనక్కి వచ్చి స్టాప్ తాకేవి. అప్పుడు మిగిలేది రూ. 48,000. తొందరపాటు ఖరీదు రూ. 14,800. రెండూ కలిపితే తేడా రూ. 25,600. రూ. 9,600 నష్టానికి బదులు రూ. 16,000 లాభం ఉండేదన్నమాట. ఈ ట్రేడర్‌కు రెండు జబ్బులూ ఉన్నాయి, తొందరే కాస్త ఎక్కువ ఖరీదైంది. ఒకవేళ ఆ 24లో టార్గెట్ తాకేవి పదే అయితే, ప్రణాళిక ప్రకారం మిగిలేది రూ. 12,000 మాత్రమే. అప్పుడు తప్పు చేతిది కాదు, టార్గెట్‌ది.

ఈ లెక్కకు రెండు షరతులున్నాయి. స్టాప్, టార్గెట్ కొన్నప్పుడే రాసి ఉండాలి. తర్వాత జరిపిన స్టాప్‌ను పాతదాని మీద దిద్దితే సాక్ష్యమే పోతుంది. రెండోది, ముగిసిన ట్రేడ్లే ఉన్న జర్నల్ సగం నిజమే చెబుతుంది. ఎందుకంటే అమ్మని నష్టాలు అందులో కనిపించవు. ఓడీన్ అమ్మినవాటితో పాటు అమ్మనివాటినీ లెక్కించింది అందుకే. కాబట్టి ఏదైనా అమ్మిన ప్రతిరోజూ, చేతిలో మిగిలినవాటిలో ఎన్ని లాభంలో, ఎన్ని నష్టంలో ఉన్నాయో ఒక వరుసలో రాయాలి.

నలభై ట్రేడ్లు ఒకే తీరు మార్కెట్లో జరిగి ఉంటే ఫలితం ఆ మార్కెట్‌దే కావచ్చు. పెరిగే మార్కెట్లోనూ, ఎటూ కదలని మార్కెట్లోనూ ఇదే తేడా కనిపిస్తే అప్పుడే దాన్ని అలవాటు అనండి. ఈ వారమే మీ జర్నల్‌లో ‘అసలు స్టాప్’, ‘అసలు టార్గెట్’ అని రెండు నిలువు వరుసలు చేర్చండి. ఒకసారి రాసిన అంకెను మళ్లీ దిద్దకండి.