మేనేజరయ్యాక మొదటి అప్రైజల్

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలా ఐటీ కంపెనీల్లో అప్రైజల్ ఫారాలు తెరుచుకుంటాయి. అప్పటిదాకా కోడ్ రాసుకుంటూ వచ్చి ఆ ఏడాదే మొదటిసారి మేనేజరైన వాళ్లకి ఆ ఫారంలో ఒక గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. నాయకత్వంలో మీరు ఎంత ఎదిగారో రాయమంటుంది ఆ గడి. నిరుడైతే ఇబ్బందే లేదు. ఫలానా మాడ్యూల్ నేను రాశాను, ఫలానా బగ్ నేను పట్టుకున్నాను, 4 నిమిషాలు పట్టే రిపోర్టును 30 సెకన్లకి తెచ్చాను అని రాస్తే సరిపోయేది. ఇప్పుడు పొద్దుటినుంచీ మీటింగులు, రివ్యూలు, లీవుల సర్దుబాట్లు. సాయంత్రం లెక్క చూసుకుంటే తన చేత్తో పూర్తిచేసిన పని ఒక్కటీ కనపడదు. మరి చూపించేదేమిటి?

ఈ అయోమయంలో చాలామంది పాత అలవాటుకే పోతారు. టీమ్‌లో సగం కోడ్ ఇప్పటికీ నేనే రాస్తున్నానని గర్వంగా రాస్తారు. చదివే పైఅధికారికి మాత్రం అది ఇంకోలా వినిపిస్తుంది: ఈయనకి ప్రమోషన్ ఇచ్చాం గానీ ఈయనింకా పాత కుర్చీలోనే ఉన్నాడని. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు దిక్కున పోతారు. 'మా టీమ్ ఈ ఆరు నెలల్లో 14 రిలీజులు ఇచ్చింది' అని రాసి ఊరుకుంటారు. టీమ్ పనిచేసింది, సరే. మీరు లేకపోయినా ఆ 14 రిలీజులూ వచ్చేవేమో కదా అన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు.

ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో తెచ్చిన 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్' పుస్తకంలో దీనికి ఒక కొలత చెప్పాడు. మేనేజరు ఉత్పత్తి అంటే అతని కింది విభాగం చేసిన పని, దానికి తోడు అతని ప్రభావం పడే పక్క విభాగాలు చేసిన పని. కొలత గట్టిదే. కాకపోతే ఆరు నెలల కొత్త మేనేజరుకి అది నేరుగా పనికిరాదు. మంచి టీమ్ చేతికొస్తే ఆ మంచి పాత మేనేజరుది. చెడిపోయిన టీమ్ వస్తే ఆ చెడు కూడా అంతే. అందుకని ఈ కొద్ది కాలంలో చూపించగలిగింది తేడా ఒక్కటే: నేను లేకపోతే ఆగిపోయే పనుల్లో ఇప్పుడు ఆగకుండా జరుగుతున్నవి ఏవి? నా లెక్కలో కొత్త మేనేజరు ఎదుగుదలకి ఇంతకంటే నమ్మదగ్గ సాక్ష్యం లేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాదులో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చూసే టీమ్. ఏడేళ్లు అందులోనే కోడ్ రాసిన ఒకావిడ అక్టోబరులో దానికే మేనేజరైంది. కింద ఆరుగురు. ఆ టీమ్ చేసే పనుల్లో తలనొప్పి పని ఒకటుంది. రోజూ పొద్దున్నే బ్యాంకు నుంచి నిన్నటి లావాదేవీల ఫైలు వస్తుంది. దాన్ని మన పుస్తకాల్లో ఉన్న లెక్కతో జత కలపాలి. జత కుదరనివి ఏవో తేల్చి మధ్యాహ్నం 12 లోపల వ్యాపారులకి రిపోర్టు పంపాలి. మామూలుగా పదీ పదిహేనూ మిగులుతాయి. అప్పుడప్పుడూ వందల్లో మిగులుతాయి. అలా మిగిలిన ప్రతిసారీ అందరూ ఆవిడ వైపే చూసేవాళ్లు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ రాసింది ఆవిడే, దాని లోగుట్టు తెలిసిందీ ఆవిడకే.

మేనేజరైన మొదటి వారంలో ఆవిడ చేసిన తెలివైన పనల్లా ఒకటే. తను లేకపోతే ఆగిపోయే పనులన్నీ ఒక పేజీలో రాసుకుంది. తొమ్మిది తేలాయి. వాటిలో ఈ జత కలిపే పనిని ముందు ఎంచుకుని, రెండేళ్ల అనుభవమున్న కుర్రాడికి అప్పగించింది.

అప్పగించడమంటే 'ఇకనుంచి ఇది నువ్వు చూసుకో' అని ఒక మెయిల్ కొట్టడం కాదు. గ్రోవ్ చెప్పిన ఇంకో సంగతి ఇక్కడే అక్కరకొస్తుంది. మనిషి ఎంత సీనియరన్నది కాదు, ఆ ఒక్క పనిలో అతనికి ఎంత చేయి తిరిగిందో చూసి మన పర్యవేక్షణ తగ్గించుకుంటూ పోవాలి. వేరే పనుల్లో ఆరితేరినవాడు కూడా ఈ పనికి కొత్తే అయితే వివరంగా చెప్పాల్సిందే. అందుకని మొదటి రెండు వారాలు ఆవిడ చేస్తుంటే అతను పక్కన కూర్చుని ప్రతి మెట్టూ రాసుకున్నాడు. తర్వాత నెలన్నర అతను చేశాడు. వ్యాపారికి డబ్బు తిరిగి పంపే మెట్టు దగ్గర మాత్రం ఆగి ఆవిడకి చూపించేవాడు. ఆ పైన, ముందు చేసేసి సాయంత్రం ఒక్క మాట చెప్పేవాడు. ఫలానా మొత్తం దాటిన రీఫండ్ అయితే మాత్రం ఎప్పటికీ ఆవిడని అడగాల్సిందే. ఈ హద్దు ఏదో తేడా వచ్చాక కాదు, మొదటి రోజే చెప్పింది.

జనవరిలో ఒకరోజు 4 వేల లావాదేవీలు జత కుదరకుండా మిగిలాయి. టైము తొమ్మిదిన్నర. కుర్రాడు మన డేటాబేసులోనే తప్పుందనుకుని ప్రోగ్రామును రెండుసార్లు మళ్లీ నడిపాడు. అవే 4 వేలు. ఆవిడ ఫైలు ఒకసారి తెరిచి చూసింది, సంగతి అర్థమైంది. కీబోర్డు లాక్కుంటే పావుగంట పని.

"అక్కా, మీరొకసారి చూస్తారా?" అన్నాడు.

"మిగిలినవాటిలో ఒక్కటి తీసుకుని మనదీ బ్యాంకుదీ పక్కపక్కన పెట్టి చూశావా?"

చూడలేదు. చూస్తే తేలింది. మన పుస్తకాల్లో 0 తో మొదలయ్యే రిఫరెన్స్ నంబర్లు బ్యాంకు ఫైల్లో ముందున్న సున్నాలు రాలిపోయి వచ్చాయి. అవతల ఎవరో ఆ నిలువు వరుసను అంకెలుగా మార్చేసినట్టున్నారు. మిగిలిన 4 వేలూ 0 తో మొదలయ్యేవే. కుర్రాడికి అంతా సర్దడానికి గంటన్నర పట్టింది, రిపోర్టు పదకొండున్నరకి వెళ్లింది. ఆ మర్నాడు అతనే బ్యాంకు వాళ్లకి రాశాడు. ఫైలు రాగానే రిఫరెన్స్ నంబరు పొడవు సరిచూసే చిన్న తనిఖీ కూడా తనే చేర్చాడు. ఆవిడే చేసుంటే ఆ రోజు పావుగంటలో తేలిపోయేది. కానీ తనిఖీ మాత్రం వచ్చేది కాదు. వెనక రెండుసార్లు ఇలాంటిదే జరిగితే ఆవిడ చేత్తో సరిదిద్ది వదిలేసింది మరి.

ఆవిడ ఆగగలగడానికి కారణం గడువుకి రెండున్నర గంటలుండటం. పదకొండుం ముప్పావుకి బయటపడి ఉంటే తనే కూర్చుని చేసేది, చేయాలి కూడా. వ్యాపారుల డబ్బును పణంగా పెట్టి ఎవరికీ పాఠం చెప్పకూడదు.

ఎక్కువగా చెడేది ఇక్కడే. పగలు పని అప్పగిస్తారు, రాత్రి లాప్‌టాప్ తెరిచి దాన్నే మళ్లీ తమ పద్ధతిలో తిరగరాస్తారు. నాలుగుసార్లు ఇలా జరిగాక ఆ కుర్రాడు పని మీద మనసు పెట్టడం మానేస్తాడు. ఎలాగూ ఆవిడ మారుస్తుంది కదా అని సగం చేసి పంపుతాడు. అది చూసి ఈవిడ 'చూశారా, వీళ్లకి అప్పగిస్తే ఇంతే' అంటుంది. మీకు ఈ జబ్బుందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీ ఆమోదం కోసం ఎన్ని కోడ్ రివ్యూలు, ఎన్ని రోజులుగా కాచుకుని ఉన్నాయో చూడండి. మీటింగులో వేరేవాళ్ల పని గురించి ప్రశ్న వస్తే తలలు ఎటు తిరుగుతున్నాయో గమనించండి. లీవులో ఉన్నప్పుడు వచ్చిన ఫోన్లలో నిజంగా మీరే తేల్చాల్సినవి ఎన్నో లెక్కేయండి.

సాంకేతిక నైపుణ్యం వదులుకోమని కాదు ఇదంతా. గూగుల్ 2008లో 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో తన మేనేజర్లనే పరిశీలించింది. మంచి మేనేజర్లలో కనపడిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది మంచి కోచ్‌గా ఉండటం, రెండోది ప్రతిదాంట్లో వేలు పెట్టకపోవడం. టీమ్‌కి సలహా ఇవ్వగలిగినంత సాంకేతిక జ్ఞానం ఎనిమిదోది. చివరన ఉందే గానీ జాబితాలో ఉంది. బ్యాంకు ఫైలు చూడగానే సున్నాల సంగతి పట్టలేని మనిషి ఆ సరైన ప్రశ్న కూడా అడగలేదు కదా.

ఇప్పుడు ఫారం దగ్గరికొద్దాం. అక్టోబరు నుంచే ఆవిడ నెలకి రెండు లైన్లు రాసి పెట్టుకుంది. జత కుదరని పెద్ద సమస్యలు అక్టోబరులో తొమ్మిది వస్తే తొమ్మిదీ తనే తేల్చింది. మార్చిలో ఎనిమిది వస్తే తన దాకా వచ్చింది ఒకటే, అదీ రీఫండ్ హద్దు దాటినందుకు. ఆవిడ రాసినది దాదాపు ఇలా ఉంది: 'అక్టోబరులో ఈ పని పూర్తిగా నా మీదే ఆధారపడి ఉండేది. ఫలానా సహోద్యోగికి మూడు దశల్లో అప్పగించాను. మార్చిలో ఎనిమిదింట ఏడు నా ప్రమేయం లేకుండా గడువులోపు తేలాయి. ఫైలు తనిఖీ ఆలోచన, అమలు పూర్తిగా అతనివే. మొదటి మూడు నెలల్లో ఒక్కో సమస్య తేలడానికి ముందుకంటే ఎక్కువ సమయం పట్టింది. నా తొమ్మిది పనుల జాబితాలో నాలుగు చేతులు మారాయి, ఐదు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.'

ఇందులో పెద్ద మాటలేవీ లేవు. ముందు ఎలా ఉంది, నేనేం మార్చాను, ఇప్పుడెలా ఉంది, ఏం మిగిలింది, అంతే. నెమ్మదించిన సంగతి దాచకపోవడం వల్ల మిగతా అంకెలకి నమ్మకం పెరుగుతుంది. కుర్రాడి ఘనత కుర్రాడికే ఇచ్చినందుకు ఆవిడ వాటా తగ్గదు. ఆ స్థాయికి అతన్ని తెచ్చిందెవరో చదివేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. ఆరు నెలలకే 'టీమ్‌లో ఒక్కరూ మానేయకుండా నిలబెట్టాను' లాంటివి రాయకపోవడం కూడా మంచిదే. ఉద్యోగాలు మారడానికి బయటి మార్కెట్టు మొదలుకుని సవాలక్ష కారణాలుంటాయి. ఆ లెక్క మీ ఖాతాలో పడాలంటే ఇంకా చాలా కాలం పట్టాలి.

కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు. ఫిబ్రవరిలో పై డైరెక్టరుకి ఈ పని గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ కుర్రాడినే మాట్లాడమంది, తను ఓ పక్కన కూర్చుంది. డైరెక్టరు అడిగిన మూడు ప్రశ్నలకీ అతనే జవాబు చెప్పాడు. ఆవిడ ఫారంలో ఏం రాసుకున్నా ఆ అరగంటలో ఆయన కళ్లారా చూసినదానికి సాటి రాదు.

మీరు ఈ నెలలోనే మేనేజరై ఉంటే, మీరు లేకపోతే ఆగిపోయే పనుల పట్టీ ఈ వారమే రాసి, తేదీ వేసి పెట్టుకోండి. మార్చిలో రాద్దామంటే కుదరదు. మొదట్లో పరిస్థితి ఎలా ఉండేదో అప్పటికి మీకే సరిగా గుర్తుండదు.